చేమాకు దురద, చింతపండు: మనం నేర్చుకున్నది



కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం. మరి మన గొంతుకెందుకు? పోయిన సమావేశం నాడు మధ్యాహ్నం భోజనంలో చేమాకు పులుసు తిన్నవాళ్లలో చాలామందికి ఐదు నిమిషాల్లోనే గొంతు దురద పుట్టింది. "చింతపండు బాగానే పోశాంగా" అని వంట చేసిన మేమే ఆశ్చర్యపోయాం. అందుకే ఈసారి ఆ విషయమే మాట్లాడదామనుకున్నాం.

చేమాకులో, చేమదుంపలో, కందలో కంటికి కనిపించనంత సన్నని సూదులు కట్టలు కట్టలుగా ఉంటాయి. వాటిని కాల్షియం ఆక్సలేట్ అంటారు. పచ్చిది నమిలితే ఆ కట్టలు విడి, సూదులు నాలుకకీ గొంతుకీ గుచ్చుకుంటాయి. ఆ గాట్ల గుండా ఆకులోని మాంసకృత్తు ఒకటి లోపలికి దిగి మంట పెంచుతుంది. కంద తరిగితే చేతులు దురద పెట్టేదీ ఇందుకే.

ఉడికిస్తే సూదులు కరిగిపోవు. కానీ బాగా వేడి తగిలితే ఆ మాంసకృత్తు చెడిపోయి దురద తగ్గుతుంది. చింతపండు పులుపుకి కూడా సూదుల్ని కరిగించే బలం లేదు. పులుపు దురదను కొంత తగ్గిస్తుందేమో గానీ, ఉడకడానికి బదులు కాదు. పైగా పులుపు ముందే పోస్తే ఆకు, దుంప త్వరగా మెత్తబడవు. ఆ రోజు మనం చేసిన తప్పు అదే. పచ్చి ఆకు మీదే పులుసు పోసి, పావుగంటలో దించేశాం.

తర్వాత ఆ ఆకులే రెండు గిన్నెల్లో వండి చూశాం. ఒకదాంట్లో మొదటే పులుసు పోసి పావుగంట ఉడికించాం. ఆకు బిరుసుగానే ఉంది, గొంతు గీరింది. రెండోదాంట్లో ఈనెలు తీసి, తరిగి, ఆకు మునిగేంత నీళ్లలో ముప్పావుగంట ఉడికించాం. ఆ నీళ్లు పారబోసి, అప్పుడు చింతపండు రసం, ఉప్పు, కారం వేసి మరిగించాం. అది హాయిగా తిన్నాం. నీళ్లలో కరిగే ఆక్సలేట్ కొంత ఆ పారబోసిన నీళ్లతోనే పోతుంది. అయినా మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు డాక్టరునడిగే తినాలి.

ఉడికిందో లేదో ఎలా తెలుస్తుందంటే, ఆకు వేళ్ల మధ్య నలిపితే ముద్దవ్వాలి. తర్వాత గోరంత ముక్క నాలుక మీద పెట్టుకుని పది నిమిషాలు ఆగండి. చురుక్కుమంటే మళ్లీ పొయ్యి మీద పెట్టండి. రకాన్ని బట్టి దురద మారుతుంది కాబట్టి కొత్త ఆకు తెచ్చిన ప్రతిసారీ ఇలా చూడాలి.

కంద తరిగేటప్పుడు చేతులు పొడిగా ఉంచి, నూనె రాసుకోండి. పిల్లలు పచ్చి ఆకు నమిలితే నోరు పుక్కిలింపించి చల్లటి పాలో మజ్జిగో ఇవ్వండి. నాలుక వాచినా, మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా ఏమీ తాగించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఈసారి భోజనంలో కూడా చేమాకు పులుసే పెడుతున్నాం. ముందు మేం తిని, పది నిమిషాలు ఆగి, తర్వాతే మీకు వడ్డిస్తాం.