స్క్రీన్‌షాట్‌లో మాయమైన 28 లక్షల మంది

బెజవాడ నుంచి ఇంకో ఎపిసోడ్. ఈసారి నా తప్పుతోనే మొదలుపెడతా.

పాత వీడియో ఒకదానిలో చిన్న టేబుల్ చూపించాను. పైన "కృష్ణా జిల్లా జనాభా" అని రాశా. కింద ఇది:

| సంవత్సరం | జనాభా |
|---|---|
| 2001 | 41,87,841 |
| 2011 | 45,17,398 |
| 2022 | 17.35 లక్షలు |

మిగతాదంతా నోటితో చెప్పేశా. ఎవరో ఆ టేబుల్ ఒక్కటే స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపుల్లో తిప్పారు. మా బాబాయ్ ఫోన్ చేసి, "ఏరా, మన జిల్లాలో 28 లక్షల మంది ఏమైపోయార్రా?" అన్నాడు.

ఎవరూ ఎక్కడికీ పోలేదు. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లాను విడదీశారు. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. మచిలీపట్నం కేంద్రంగా మిగిలిన భాగానికి మాత్రం పాత పేరే ఉండిపోయింది. ఒకటే పేరు, రెండు వేర్వేరు జిల్లాలు!

ఇంకో పొరపాటు కూడా ఉంది. ఆ 17.35 లక్షలు 2022లో లెక్కపెట్టినది కాదు. కొత్త హద్దుల్లోకి వచ్చిన ప్రాంతాల 2011 జనగణన అంకెల్ని కూడితే వచ్చింది. జనాన్ని లెక్కపెట్టిన ఏడాది రాయాల్సిన గడిలో, నేను హద్దు మారిన ఏడాది రాసేశా.

మరి ఎలా రాయాలి? టేబుల్ పైన ఉండే శీర్షిక ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అనే మూడింటికీ జవాబు చెప్పాలి. ముందు ఆ మూడో వరుస తీసేశా. హద్దులు వేరైన అంకెను అదే నిలువు వరుసలో పెడితే, చూసేవాళ్లు పోల్చేస్తారు. తర్వాత శీర్షిక ఇలా మార్చా:

"పట్టిక 1. కృష్ణా జిల్లా మొత్తం జనాభా, 2001, 2011 (2022 విభజనకు ముందున్న హద్దులు)"

టేబుల్‌కి ఆనుకుని కింద రెండు లైన్లు:

"ఆధారం: భారత జనగణన, 2001, 2011.
గమనిక: 2022 ఏప్రిల్ 4 తర్వాతి కృష్ణా జిల్లా ఇందులో ఒక భాగమే. 2011 అంకెల ప్రకారం ఆ భాగం జనాభా సుమారు 17.35 లక్షలు."

ఆధారం అంటే ఎవరు, ఎప్పుడు లెక్కపెట్టారో చెప్పడం. "ఇంటర్నెట్" అని రాస్తే ఎవరూ వెనక్కి వెళ్లి సరిచూడలేరు. మీరే కూడినా, శాతం కట్టినా "లెక్క మాది" అని గమనికలో చెప్పేయండి, లేకపోతే మీ తప్పు జనగణన మీదికి పోతుంది. ఈ లైన్లు వీడియో డిస్క్రిప్షన్‌లో పెడితే లాభం లేదు. టేబుల్‌తోపాటు అదే బొమ్మలో ఉండాలి.

పోస్ట్ చేసేముందు ఆ బొమ్మ ఒక్కటే ఫ్రెండ్‌కి పంపండి, ఒక్క మాట కూడా కలపకుండా. "ఇది ఏ ఏడాది లెక్క? ఏ హద్దులు?" అని అడగండి. మీకు తిరిగి ఫోన్ చేసి అడిగారంటే, శీర్షిక ఇంకా పూర్తి కానట్టే.

నేను కొత్త బొమ్మ మా బాబాయ్‌కి పంపా. ఈసారి ఫోన్ రాలేదు.