ఎత్తయిన నిచ్చెన, పొట్టి నిచ్చెన
(ప్రసంగ పాఠం)

జంషెడ్‌పూర్ నగరంలో సువర్ణరేఖా నదికి చేరువగా భుయ్యాడీహ్ అనే పేట ఉన్నది. సీతారాండేరా, సాక్చీ ప్రాంతాలు దానికి దూరం కావు. ఈ నగరంలోని ఇతర పేటల మాదిరిగానే దాని జీవితం కూడా ఉక్కు కర్మాగారపు సైరనుతో ముడిపడినది. 1907లో స్థాపితమై 1912లో ఉక్కు తీయనారంభించిన టాటా కంపెనీ కోసం దేశం నలుమూలల నుండి జనం ఇక్కడికి వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువారు, ఒడియావారు, బెంగాలీలు, భోజ్‌పురీ మాట్లాడేవారు ఈ నేలకు మొదటివారైన సంతాలులతోనూ, హో జాతివారితోనూ కలిసి ఒకే కొలిమి ముందు నిలబడ్డారు. అలాంటి చోట ఒక సాధారణ శ్రామికుడు చెప్పిన మాట నిర్ణయం తీసుకొనే అధికారి చెవికి చేరాలంటే ఎన్ని మెట్లు ఎక్కాలి? ఈనాటి ప్రసంగ విషయం అదే.

సంస్థలలో అధికార శ్రేణి రెండు విధాలుగా ఉంటుంది. ఒక్కొక్క అధికారి కింద కొద్దిమందినే ఉంచితే మెట్లు పెరిగి నిచ్చెన ఎత్తవుతుంది. ఒక్కొక్కరి కింద చాలామందిని ఉంచితే మెట్లు తగ్గి నిచ్చెన పొట్టిదవుతుంది. ఎత్తయినది పాతబడిన పద్ధతి అనీ, పొట్టిది ఆధునికమనీ చాలామంది భావిస్తారు. లెక్క వేసి చూస్తే సంగతి అంత సులభంగా తేలదు.

625 మంది శ్రామికులున్న ఒక శాఖను ఊహించండి. అయిదుగురికి ఒక పర్యవేక్షకుడు చొప్పున నియమిస్తే మొదటి మెట్టులో 125 మంది, వారిపైన 25 మంది, ఆపైన అయిదుగురు, అందరికీ పైన ఒక శాఖాధిపతి ఉంటారు. మెట్లు నాలుగు, పర్యవేక్షణ పదవులు 156. అదే శాఖలో ఇరవై అయిదుగురికి ఒకరు చొప్పున నియమిస్తే 25 మంది పర్యవేక్షకులు, వారిపైన శాఖాధిపతి మాత్రమే ఉంటారు. మెట్లు రెండు, పదవులు 26. పనిచేసే చేతులు అవే, యంత్రాలూ అవే. మారినది నిచ్చెన ఒక్కటే.

మొదట నిర్ణయ వేగాన్ని చూడండి. శాఖాధిపతి అనుమతి కావలసిన ఒక కాగితం ప్రతి బల్ల మీద మూడు రోజులు నిలుస్తుందనుకోండి. ఎత్తయిన నిచ్చెనలో అది నాలుగు బల్లలు దాటడానికి 12 రోజులు పడుతుంది. జవాబు మధ్యనున్న మూడు బల్లల మీదుగా దిగిరావడానికి మరి 9 రోజులు. మొత్తం 21 రోజులు. పొట్టి నిచ్చెనలో పైకి 6, కిందికి 3, మొత్తం 9 రోజులే. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటున్నది. కాలయాపనలో అధికభాగం ఆలోచనకు పోయేది కాదు, వంతు కోసం వేచి ఉండడానికి పోయేది. ఆ కాగితాన్ని చదివి సంతకం చేయడానికి ఏ అధికారికైనా పది నిమిషాలు చాలు.

అయితే పొట్టి నిచ్చెనకు కూడా ఒక చిక్కు ఉన్నది. ప్రతి శ్రామికుడు వారానికి రెండు విషయాలు తెస్తాడనీ, ఒక్కొక్కదానికి అరగంట పడుతుందనీ అనుకోండి. అయిదుగురిని చూసే పర్యవేక్షకునికి వారంలో 5 గంటలు వినడానికి పోతాయి. ఇరవై అయిదుగురిని చూసేవానికి 48 గంటల పనివారంలో 25 గంటలు పోతాయి. యంత్రాలు మొరాయించిన వారంలో విషయాలు రెట్టింపయితే 50 గంటలు కావాలి. అన్ని గంటలు ఆ వారంలోనే లేవు. అప్పుడు కాగితం మెట్ల మీద ఆగదు, ఒకే గుమ్మం ముందు బారులు తీరుతుంది. శ్రామికులకు కొన్ని విషయాలను స్వయంగా నిర్ణయించుకొనే అధికారం ఇవ్వకుండా మెట్లను మాత్రమే తీసివేసిన చోట జరిగేది ఇదే. కనుక నిర్ణయ వేగం మెట్ల సంఖ్యను బట్టి మాత్రమే ఉండదు. సమస్య కనబడిన చోటికి అధికారం ఎంత దగ్గరగా ఉన్నదనేదే ముఖ్యం.

రెండవది సమాచారం. ఉక్కు కర్మాగారంలో బరువులు మోసే క్రేను నడిపే ఒక తెలుగు శ్రామికుని ఊహించండి. “బరువు ఎత్తి నిలిపినప్పుడు క్రేను ఆగవలసిన చోట ఆగక జానెడు కిందికి జారుతున్నది, నిన్నటి రాత్రి నుండి ఇలా ఉన్నది” అని తోటివానితో చెబుతాడు. ఆ తోటివాడు ఫోర్‌మనుతో హిందీలో “క్రేను బ్రేకు కొంచెం వదులుగా ఉంది” అంటాడు. ఫోర్‌మను పైవానికి “బ్రేకును చూడవలసి ఉన్నది, క్రేను నడుస్తున్నది” అని చెబుతాడు. ఆపై అధికారి ఆంగ్లంలో రాసే నివేదికలో “క్రేను నడుస్తున్నది” అన్న మాట ఒక్కటే మిగులుతుంది. వీరిలో ఎవ్వరూ అబద్ధమాడలేదు. అయినా జానెడు అన్న కొలత మొదటి మెట్టులోనే పోయింది, నిన్నటి రాత్రి అన్న కాలమూ దానితోనే పోయింది, ప్రమాదమన్న భావం చివరి మెట్టులో పోయింది. ప్రతి మెట్టులోనూ మాటలో పదింట తొమ్మిది వంతులు నిలిచినా, ఆరు మెట్లు దాటేసరికి సుమారు సగమే మిగులుతుంది. భాష మారిన ప్రతిచోటా మరొక మెట్టు చేరినట్లే. కంటికి కనబడని ఆ మెట్టును ఏ సంస్థా పటంలోనూ గీయరు.

ఈ రోగాన్ని గుర్తించే ఉపాయం సులభమైనదే. కింద చెప్పిన మాటను, పైన రాసిన మాటను పక్కపక్కన పెట్టి చదవాలి. కొలత, చోటు, సమయం అన్న మూడూ పైదాకా నిలిస్తే దారి బాగున్నట్లు. అవి లేకుండా “కొంచెం”, “సాధారణంగా”, “పరిశీలనలో” వంటి మాటలు మాత్రమే మిగిలితే దారిలో ఎక్కడో చిల్లు పడినట్లు.

జంషెడ్‌పూర్ చరిత్రలో ఈ చిక్కుకు ఒక విశిష్టమైన పరిష్కారం కనబడుతుంది. నిచ్చెనను కూల్చకుండా దాని పక్కనే మరొక దారి వేయడం ఆ పరిష్కారం. 1956లో టాటా ఉక్కు కంపెనీకీ, టాటా వర్కర్స్ యూనియన్‌కూ మధ్య ఒక ఒప్పందం జరిగింది. ఉద్యోగులకు యాజమాన్యంతో మరింత సన్నిహిత సంబంధం కల్పించడం అందులోని ఒక ఉద్దేశం. దానిని అనుసరించి మూడు అంచెల సంయుక్త మండలులు ఏర్పడ్డాయి. కింద శాఖలలో శాఖా సంయుక్త మండలులు, వాటిపైన కర్మాగారమంతటికీ ఒక మండలి, అన్నిటికీ పైన సంయుక్త సంప్రదింపుల మండలి. వీటిలో యాజమాన్య ప్రతినిధులూ, శ్రామిక ప్రతినిధులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఉత్పత్తి, వృథా, భద్రత, సంక్షేమం వంటి విషయాలు చర్చకు వస్తాయి. వేతనాలు, వ్యక్తిగత ఫిర్యాదులు ఈ మండలుల పరిధిలోకి రావు; వాటి దారి వేరు.

ఇందాకటి క్రేను సంగతిని ఇప్పుడు ఈ దారిలో పెట్టి చూడండి. నేటి ప్రమాదాన్ని నేడే ఆపవలసిందే. దానికి ఏ సమావేశం కోసమూ వేచి ఉండరాదు. కాని అదే బ్రేకు మాటిమాటికీ వదులవుతుంటే, దాని కారణం శాఖా మండలిలో చర్చకు రావలసినది. అక్కడ క్రేను నడిపేవారి ప్రతినిధి శాఖాధిపతి ఎదుటనే జానెడు అన్న మాట అనగలడు. మధ్యనున్న మెట్లేవీ ఆ కొలతను తినివేయలేవు. విషయం సమావేశపు పత్రంలోకి ఎక్కిందంటే మరుసటి సమావేశంలో జవాబు అడగవచ్చు. అక్కడ తేలనిది పై అంచెకు పోతుంది. నిచ్చెన ఎత్తు తగ్గలేదు, కాని మాట నడిచే దూరం తగ్గింది.

ఈ ఏర్పాటుకు పరిమితులూ ఉన్నాయి. మండలులు సలహా ఇస్తాయి. అమలు చేయవలసినది యాజమాన్యమే. సమావేశంలో కూర్చున్న అధికారికి ఖర్చు చేసే అధికారం లేకపోతే ప్రతి జవాబూ “పై వారికి పంపాము” అనే అవుతుంది. ఒకే అంశం వరుసగా మూడు సమావేశాల పత్రాలలో అదే మాటతో కనబడితే, మండలి కూడా నిచ్చెనలో మరొక మెట్టుగా మారిందని గ్రహించాలి. అంతేకాక గుర్తింపు పొందిన సంఘం ద్వారా వచ్చే ప్రాతినిధ్యం అందరి ప్రాతినిధ్యం కాకపోవచ్చు. మండలులు వచ్చిన కొద్దికాలానికే, 1958లో, గుర్తింపు లేని మరొక సంఘం నాయకత్వాన జంషెడ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగింది. వినే చెవి ఒకటి ఏర్పడినంత మాత్రాన అన్ని గొంతులూ అక్కడికి చేరవు. కేంద్ర ప్రభుత్వం 1975లో కర్మాగారాలలో శ్రామికుల భాగస్వామ్యానికి పథకం ప్రకటించింది. 1976లో 42వ సవరణ ద్వారా అదే ఆశయం రాజ్యాంగపు ఆదేశిక సూత్రాలలో చేరింది. ఆ తరువాత కూడా ఈ ప్రశ్న ప్రతి కర్మాగారంలోనూ మిగిలే ఉన్నది.

మూడవది పదోన్నతి. పొట్టి నిచ్చెనను మెచ్చుకొనేవారు తరచు దాటవేసే అంశం ఇదే. 625 మంది ఉన్న ఆ శాఖను మళ్లీ గుర్తు చేసుకోండి. ఎత్తయిన నిచ్చెనలో నలుగురు శ్రామికులకు ఒక పదవి చొప్పున ఉన్నది. పొట్టి నిచ్చెనలో ఇరవై నలుగురికి ఒకటి. పైనున్న ఒక్క శాఖాధిపతి పదవీ విరమణ చేస్తే, ఎత్తయిన నిచ్చెనలో ఒకరి వెనుక ఒకరుగా నలుగురు ఒక్కొక్క మెట్టు ఎక్కుతారు. పొట్టి నిచ్చెనలో ఎక్కేది ఇద్దరే. శ్రామికుడిగా చేరి ఫోర్‌మనుగా విరమించడం భుయ్యాడీహ్ వంటి పేటలో ఒక కుటుంబానికి జీతం పెరగడం మాత్రమే కాదు. బంధువులలో గౌరవం, పిల్లల చదువు, పెళ్లి సంబంధం అన్నీ ఆ మెట్టుతో ముడిపడి ఉంటాయి. మెట్టును తీసివేసినవారు దానికి బదులు ఏమిస్తున్నారో చెప్పవలసి ఉంటుంది. పదవి మారకపోయినా నేర్చిన ప్రతి నైపుణ్యానికీ వేతనశ్రేణిలో ఒక పెంపు, అదనపు బాధ్యతకు ఒక గుర్తింపు ఇవ్వడం ఒక మార్గం. అది లేనిచోట సమర్థుడు ఇరవై ఏళ్లపాటు ఒకే పేరుతో పనిచేసి విసిగిపోతాడు, లేదా వేరొక చోటికి వెళ్లిపోతాడు.

ఇది ఊహ మాత్రమే కాదు. 1990ల ఆరంభంలో ఈ ఉక్కు కంపెనీలో 75,000కు పైగా ఉద్యోగులు ఉండేవారు. 2000 దశకం మధ్యకాలానికి ఆ సంఖ్య సుమారు 40,000కు దిగింది. ఈలోగా 2000లో బీహారు నుండి వేరుపడి జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. కర్మాగారంలో ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. అదే కాలంలో అధికారుల అంతస్తులను కూడా కుదించారు. ఆ మార్పుల వల్ల కాగితం వేగంగా నడవవచ్చు. కాని తండ్రి ఎక్కిన మెట్లు కొడుకు కాలానికి అన్నీ మిగలలేదు. గుత్తేదారుల కింద పనిచేసేవారి సంగతి మరీ క్లిష్టమైనది. కంపెనీ నిచ్చెనలో వారికి మొదటి మెట్టే లేదు. కనుక ఆ నిచ్చెన ఎత్తయినదైనా, పొట్టిదైనా వారికి ఒక్కటే.

అందువల్ల ఏ సంస్థలోనైనా మెట్లు తగ్గించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగడం సమంజసం. తీసివేసిన మెట్టులోని నిర్ణయాధికారం పైకి పోయిందా, కిందికి వచ్చిందా? పైకి పోయి ఉంటే బారులు పెరుగుతాయి. కిందికి వచ్చి ఉంటేనే వేగం పెరుగుతుంది. కింద పలికిన కొలత పైదాకా చెక్కుచెదరకుండా చేరే దారి ఒకటైనా ఉన్నదా? మెట్టు ఎక్కే ఆశతో ఏళ్ల తరబడి పనిచేసినవానికి దాని స్థానంలో ఏమి లభిస్తున్నది? మూడింటికీ జవాబు దొరికేదాకా నిచ్చెనను కోయడానికి తొందరపడనవసరం లేదు. రాత్రి పని ముగించుకొని సువర్ణరేఖ వైపు ఇంటికి మరలే క్రేను కార్మికుడు అడిగేది కూడా ఇంతే. తాను జానెడు అని చెప్పిన మాట అక్కడ జానెడుగానే వినబడిందా, లేదా?