పోయినవాళ్ళతో మాటామంతీ: సవర కొండల్లో కుడన్‌బోయ్ ప్రయాణం



గిడుగు రామమూర్తిగారి స్మారకోపన్యాసం కాబట్టి వాడుకభాష గురించి చెబుతానని అనుకుని ఉంటారు. ఆయన గురించి ఆ సంగతి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇవాళ రెండో గిడుగు గురించి మాట్లాడతాను. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ, కొండ దిగి సంతకొచ్చే సవరల మాట చెవినపడి, ఆ భాష వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్న గిడుగు. కొండల్లో తిరిగి విషజ్వరం తెచ్చుకున్నారు, క్వినైను మింగారు, దాంతో చెవులు పోయాయి. 1931లో సవరభాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చులోకి తెచ్చే నాటికి ఆ భాష మాట్లాడేవాళ్ళ గొంతు ఆయనకు సరిగ్గా వినపడదు. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన కులాలు, తెగల సంపుటాల్లో సవరల అధ్యాయం తీసి చూడండి. అందులో పంతులుగారు రాసిచ్చిన సమాచారం కనిపిస్తుంది. ఈ కవిటినుంచి మందస దాటితే మొదలయ్యే ఆ కొండల్లోనే నా కథంతా.

ఆ కథ పేరు కుడన్. సవరల్లో పోయినవాళ్ళతో మాట్లాడించే మనిషి. ఆడమనిషైతే కుడన్‌బోయ్. పెద్ద కర్మలన్నీ నడిపేది ఎక్కువగా ఆడవాళ్ళే. బయటి ప్రపంచం ఇలాంటివారిని షామాన్లంటుంది. సైబీరియా తుంగూసుల దగ్గర పుట్టిన మాట అది. షామాన్ అనగానే చదువుకున్నవాళ్ళ కళ్ళముందు ఒక బొమ్మ కదులుతుంది: గుండ్రటి డోలు, దాని మోత, ఆ మోతమీద ఎక్కి పైలోకాలకో పాతాళానికో పోయే మనిషి. 1980లో మైకేల్ హార్నర్ అనే అమెరికన్ రాసిన పుస్తకంతో ఈ బొమ్మ అంగట్లోకి కూడా వచ్చింది. నిమిషానికి రెండువందల పైచిలుకు దెబ్బలు ఒకే తీరుగా వేస్తుంటే ఎవరైనా కళ్ళు మూసుకుని ప్రయాణం చేసి రావచ్చని శిక్షణ శిబిరాలు వెలిశాయి. వెళ్ళొచ్చినవాళ్ళు సొరంగం చూశామంటారు, జంతువు ఎదురై దారి చూపిందంటారు. అవతల చూసినదంతా పూసగుచ్చినట్టు చెబుతారు.

మన కొండల్లో కథ వేరు. ఇక్కడ వెళ్ళొచ్చిన మనిషికి ఏమీ గుర్తుండదు. డోలు ఆమె కోసం మోగదు.

సవర చావుకి వాయిద్యాలు లేవని కాదు. డోళ్ళు, సన్నాయిలు, ఇత్తడి కొమ్ములు అన్నీ ఉంటాయి. కర్మ జరిగే రోజుల్లో జీలుగు కల్లు, ఇప్పసారా మధ్య జనం ఆడేది వాటికే. కుడన్‌బోయ్ మాత్రం ఆ సందడి నడుమ కూర్చుని పాడుకుంటుంది. ఆమె వాహనం పాట. డోలు మోతే మనిషిని ఒళ్ళు మరిపిస్తుందనే వాదాన్ని ఫ్రెంచి పండితుడు రూజే 1980లోనే తిప్పికొట్టాడు. మోతకే ఆ గుణముంటే ముందు పడిపోవలసింది వాయించేవాడు కదా అన్నాడు. మీ అమ్మవారి పండగ గుర్తుచేసుకోండి. ఘటం ఎత్తినామెకి పూనకం వస్తుంది, పక్కనున్న ముసలమ్మకి వస్తుంది. డప్పులవాడు మాత్రం చెమటోడుస్తూ దరువు తప్పకుండా కొడుతూనే ఉంటాడు. వాడికీ పూనకం వస్తే పండగ ఆగిపోతుంది మరి!

ఆమె ప్రయాణాన్ని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. వెరియర్ ఎల్విన్ 1940లలో ఈ కొండల ఒడిశా వైపు తిరిగి, 1955లో సవర మతం మీద పెద్ద గ్రంథం వేశాడు. కేంబ్రిడ్జి పండితుడు పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి సవరల మధ్య ఉండి, వాళ్ళ భాష నేర్చి, ఆ సంభాషణలను మాటమాటగా నమోదు చేశాడు. నేను చెప్పేది ఎక్కువగా ఈ ఇద్దరి ఆధారంతోనే.

కుడన్‌బోయ్ నేలమీద కాళ్ళు బారజాపి కూర్చుంటుంది. పక్కన దీపం, చేటలో బియ్యం. ఆ బియ్యాన్ని చేత్తో రుద్దుతూ పాట అందుకుంటుంది. ఒక చరణం, వెంటనే అదే అర్థం వేరే మాటల్లో ఇంకో చరణం. ఇలా జంటలు జంటలుగా తనకు ముందున్న కుడన్‌బోయ్‌లను పిలుస్తుంది. తన ప్రాణం నిట్టనిలువు లోయగోడ పట్టుకుని, కోతిలా కొమ్మలు పట్టుకుని కిందిలోకంలోకి దిగుతోందని పాడుతుంది. పాడుతూ పాడుతూ గొంతు సన్నగిల్లుతుంది, తల రొమ్ముమీద వాలిపోతుంది. ఒళ్ళు కర్రలా బిగుస్తుంది. అప్పుడు పక్కవాళ్ళు వచ్చి బిగిసిన వేళ్ళు విప్పుతారు, మోచేతులూ మోకాళ్ళూ వంచి సర్దుతారు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని సభకు అదే గుర్తు. కాళ్ళు మామూలుగా ముడుచుకుంటే ఆమె ఇంకా ఇక్కడే ఉందన్నమాట.

కాసేపు చప్పుడుండదు. తర్వాత ఒళ్ళు ఒక్కసారి జలదరిస్తుంది, కొత్త గొంతు పలుకుతుంది. ముందు వచ్చేది ఆమెకు తోడుగా ఉండే పాతాళవాసి. కల్లు అడుగుతాడు, పెట్టిన మర్యాదను వెక్కిరిస్తాడు. అతను తప్పుకున్నాక ఆ ఇంటి పోయినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అదే నోటితో మాట్లాడతారు. ఒకరు పోయి ఇంకొకరు వచ్చేటప్పుడు మళ్ళీ ఆ జలదరింపే.

మతచరిత్రకారుడు ఎలియాదే షామాన్ విద్యను, పూనకాన్ని రెండుగా విడదీశాడు. ఒకటి మనిషి వెళ్ళడం, రెండోది దేవత రావడం. సవరల దగ్గర ఆ గీత నిలవదు. ఆమె వెళ్ళేదే ఒంటిని ఖాళీచేసి ఇవ్వడానికి. అవతల ఏం చూశావని ఎవరూ అడగరు. ఇవతల ఏం జరిగిందన్నదే అసలు సంగతి.

ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను, ఊహించుకుందాం. ఒక ముసలమ్మ ఆయాసంతో, దగ్గుతో పోయింది. ఆర్నెల్లకు మనవరాలికి అదే దగ్గు పట్టుకుంది. సవరల లెక్కలో పోయినవాళ్ళు తమ జబ్బుతోనే మనల్ని తాకుతారు. పగతోనే కానక్కర్లేదు, విడవలేని ప్రేమతో కూడా. కుడన్‌బోయ్ ముందు కూర్చున్న కూతుళ్ళు ముసలమ్మ గొంతు రాగానే ఏడుస్తారు, పట్టుకుంటారు, వెంటనే తిడతారు కూడా. పిల్లనెందుకు తాకావంటారు. చలేస్తోంది, గుడ్డ ఇవ్వలేదు, నా వాటా పొలం పెద్దోడెందుకు దున్నుతున్నాడు అని ఆమె ఎదురు నిలదీస్తుంది. బేరం సాగుతుంది. కోడో మేకో ఇస్తారు, పిల్లను వదలమంటారు. మధ్యలో ఎవరో హాస్యమాడతారు, ముసలమ్మ కూడా నవ్వుతుంది. తర్వాత ఆమె తమ్ముడు వస్తాడు, ఎప్పుడో చెట్టుమీంచి పడి పోయినవాడు. పక్కగదిలోకి వెళ్ళొచ్చినట్టు అక్క గురించి కబుర్లు చెప్పి కల్లు తాగి పోతాడు.

ఒక్క పూటతో తేలే పని కాదిది. దహనమయ్యాక రాయి నాటాలి, దున్నపోతుల్ని కోయాలి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏటేటా కార్యం చేయాలి. ప్రతిసారీ ముసలమ్మ వస్తుంది. మొదట్లో చావుబాధతో, అలకతో మాట్లాడుతుంది. పోనుపోను మెత్తబడుతుంది. చివరికి ఆ జబ్బుతో పోయినవాళ్ళ గుంపు వదిలి కులపెద్దల్లో కలుస్తుంది, తన పేరు ఆ ఇంటి పసిబిడ్డకు ఇస్తుంది. అప్పటినుంచి ఆమెది చెరుపు కాదు, కాపుదల. ఇంకా చాలాకాలానికి కిందిలోకంలో రెండోసారి చచ్చి సీతాకోకచిలుక అవుతుంది. దానికి మాట ఉండదు. ఫ్రాయిడ్ దుఃఖం గురించి రాసింది పక్కన పెట్టుకుని విటెబ్‌స్కీ దీన్ని చదివాడు. ఫ్రాయిడ్ ప్రకారం బతికినవాడు పోయినవాణ్ణి మనసులో కొంచెం కొంచెంగా వదులుకోవాలి. సవరల దగ్గర ఆ వదులుకోవడం ఒక్కడి మనసులో కాదు, పదిమంది ఎదుట, ఇద్దరూ మాట్లాడుకుంటూ జరుగుతుంది.

ఇదంతా నాటకమేనా అని మీలో కొందరికి అనిపిస్తూ ఉంటుంది. వినేవాళ్ళూ అమాయకులు కారు. పోయినవాడి మాటతీరు, అతనికున్న బాకీలు, తగాదాలు వాళ్ళకు తెలుసు. పొంతన కుదరకపోతే వాదిస్తారు, నమ్మకం పోతే ఇంకో కుడన్‌బోయ్ దగ్గరకు పోతారు. ఊళ్ళో ఎవరికి ఎవరు ఏమవుతారో తరాల లెక్క నోటికి రాకుండా ఈ పని చేయలేరు. అందుకే ఈ పనికి తయారీ చిన్నతనం నుంచే మొదలవుతుంది. ఆడపిల్లకు కలలొస్తాయి. ముందుతరం కుడన్‌బోయ్, చాలాసార్లు అయినవాళ్ళలో ఒకామె, కలలో కిందికి తీసుకెళుతుంది. అక్కడ ఒక వరుడు. సవర కాదు, గుర్రమెక్కి మంచి బట్టలు కట్టిన రాజకులంవాడు. ఆమె కాదంటుంది, జబ్బు పడుతుంది. ఎల్విన్ రాసిపెట్టిన ఆత్మకథల్లో ఇదే వరస మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. ఒప్పుకున్నాక పెళ్ళి చేస్తారు, జబ్బు తగ్గుతుంది. ఈ లోకంలో మామూలు మొగుడు, కిందిలోకంలో ఈ మొగుడు, అక్కడ పిల్లలు కూడా. సంతలోనూ కచేరీలోనూ సవరని తోసిపారేసిన దొరతనమే కింద అల్లుడై ఇంటి గోడమీద ఎర్రమట్టి పూతపై బియ్యప్పిండి బొమ్మగా నిలబడింది. ఎల్విన్ చూసిన గోడలమీద గుర్రాలు, ఏనుగులే కాదు, సైకిళ్ళు, విమానాలు కూడా ఉన్నాయి.

కొండ దిగి సముద్రం ఒడ్డుకు వచ్చినా ఈ తీగ తెగిపోదు. విశాఖ తీరపు జాలర్లలో పూనకంతో సోదె చెప్పే స్త్రీలను చార్లెస్ నకోల్స్ పరిశీలించాడు. వాళ్ళమీదకు వచ్చేది తమ చనిపోయిన కొడుకులే. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ కొడుకు గొంతుతో ఊరి తగవులు తీరుస్తుంది.

కవిటిలో మాట్లాడుతూ ఒక సంగతి దాటేయడం మర్యాద కాదు. ఉద్దానంలో కిడ్నీజబ్బు ఎన్ని ఇళ్ళు ఖాళీ చేసిందో మీకు తెలిసినంత నాకు తెలియదు. నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఇదీ కారణమని ఇంకా తేలలేదు. ఇది మా ఇంటికే ఎందుకొచ్చింది అన్న ప్రశ్నకు డయాలసిస్ యంత్రం జవాబు చెప్పదు, చెప్పవలసిన పనీ దానిది కాదు. కుడన్‌బోయ్ కిడ్నీని బాగుచేయలేదు, ఆమె దగ్గరకు పోయి ఆసుపత్రి మానుకుంటే ప్రాణం పోతుంది. ఆమె చేసే పని వేరు. ఎందుకని అడగడానికి ఒక మనిషినీ, ఒక పూటనూ చూపిస్తుంది.

ఆ పని ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆగిపోయింది. ఒడిశా వైపు సెరాంగోలో బాప్టిస్టు మిషన్ స్థిరపడ్డాక ఒక తరం మారింది. విటెబ్‌స్కీ తర్వాత తిరిగి వెళితే కుడన్‌బోయ్‌ల పిల్లలే పోయినవాళ్ళతో మాట్లాడడం మానేశారు. క్రైస్తవ ఖననానికి ప్రార్థన చాలు, తర్వాత పిలుపులూ జవాబులూ లేవు. మన పండితులు దీన్ని చూసి అయ్యో అంటారు. నాకూ ఆ పాటలు పోవడం కష్టంగానే ఉంది. కానీ కొండమీద కుర్రవాళ్ళ లెక్క వినాలి. ఒక్క చావుకి దున్నపోతులు, బియ్యం, సారా. వాటికి అప్పు. అప్పుకి పొలం తాకట్టు. అప్పిచ్చేవాడు పల్లంవాడు. తాత కార్యానికి తెచ్చిన బాకీ మనవడు కూలికెళ్ళి తీర్చేవాడు. బడికెళ్ళి అక్షరాలు వచ్చాక ముందుగా చదివింది ఆ పత్రాలే. తాతతో ఏటేటా మాట్లాడడానికి అంత ఖర్చు పెట్టలేమని వాళ్ళు తేల్చుకున్నారు.