జీతం మీద పన్ను: ఏ పద్ధతిలో ఎక్కువ మిగులుతుంది?



పాత పద్ధతిలో మినహాయింపులున్నవి గనుక అదే మేలని మనలో చాలామంది నమ్ముతారు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి లెక్క వేసి చూద్దాం.

ఒక ఉపాధ్యాయుని సాలుసరి జీతం 15 లక్షలనుకోండి. కొత్త పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా 14.25 లక్షల మీద పన్ను, సెస్సుతో కలిపి 97,500 రూపాయలు. పాత పద్ధతిలో ఆ డిడక్షన్ 50 వేలే. ప్రావిడెంట్ ఫండు లక్షన్నర, ఆరోగ్య బీమా 25 వేలు, ఇంటద్దె భత్యం కింద 1.80 లక్షలు కూడా తీసేస్తే 10.95 లక్షలు నిలుస్తుంది. దానిపై పన్ను 1,46,640. ఇన్ని చూపించినా 49,140 ఎక్కువే కట్టాలన్నమాట!

రెండూ సమానం కావాలంటే స్టాండర్డ్ డిడక్షన్ గాక 5,43,750 రూపాయల మినహాయింపులుండాలి. ఇంటి రుణ వడ్డీ 2 లక్షలు చూపగలవారు అక్కడికి చేరవచ్చు. వడ్డీ అప్పు జోలికి పోనివారికి ఆ దారి లేదు. ప్రావిడెంట్ ఫండు మాత్రం మానకండి, మినహాయింపు రాకపోయినా ఆ పొదుపు మనదే గదా.

వ్యాపార ఆదాయం లేని జీతగాడు ఆఫీసులో ఏది రాసిచ్చినా, రిటర్ను వేసేటప్పుడు మార్చుకోవచ్చు. పాత పద్ధతి కావాలంటే మాత్రం గడువులోపే వేయాలి.