కౌలు ఎంత అన్నది సరే, ఎప్పుడు కట్టాలి?

(కౌలు రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కౌలు మాట్లాడుకునేటప్పుడు మనం ఎకరాకు ఎంత అని బేరమాడతాం. ఎప్పుడు కట్టాలన్నది మాత్రం ఆసామి చెప్పిందే ఖాయం చేసుకుంటాం. ఆ తేదీలో ఎంత డబ్బు దాగి ఉందో ఈ రోజు లెక్క వేసి చూద్దాం.

ఏటేటా ఒకే మొత్తం చొప్పున కొన్నేళ్లు కట్టే వరుసను యాన్యుటీ అంటారు. రాజధాని ప్రాంత రైతులకు ఈ మాట కొత్త కాదు. భూసమీకరణ కింద ఏటా ఇచ్చే సొమ్మును అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. ప్రతి ఏడాది చివర కడితే అది ఆర్డినరీ యాన్యుటీ. ఏడాది మొదట్లోనే కడితే యాన్యుటీ డ్యూ. మన భాషలో మొదటిది పంట కౌలు, రెండోది ముందు కౌలు.

ఒక ఎకరం, ఏటా 30,000 రూపాయల కౌలు, మూడేళ్ల ఒప్పందం అనుకుందాం. మనకు పెట్టుబడి వచ్చేది నూటికి రెండు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి 24 శాతం. ఏడాదికోసారి నోటు తిరగరాస్తే వడ్డీ అసలులో కలుస్తుంది.

ఏడాది తర్వాత కట్టే 30,000కు ఈ రోజు విలువ ఎంత? 30,000ను 1.24తో భాగిస్తే 24,194 వస్తుంది. ఈ రోజు చేతిలో 24,194 ఉంటే, ఆ వడ్డీకి ఏడాదిలో అది 30,000 అవుతుంది కాబట్టి. దాన్ని మళ్లీ 1.24తో భాగిస్తే రెండేళ్ల తర్వాత కట్టేదాని నేటి విలువ 19,511. ఇంకోసారి భాగిస్తే మూడేళ్ల తర్వాత కట్టేదానిది 15,735.

పంట కౌలైతే ఈ మూడూ కలిపి నేటి విలువ 59,440. ముందు కౌలైతే మొదటి 30,000 ఈ రోజే పూర్తిగా పోతుంది, ఆ తర్వాత 24,194, 19,511. మొత్తం 73,705. కాగితం మీద రెంటికీ కౌలు 90,000 రూపాయలే. అయినా ముందు కౌలు కట్టేవాడి మీద ఎకరాకు 14,265 ఎక్కువ బరువు పడింది.

ప్రతిసారీ ఇంత లెక్క వేయనక్కర్లేదు. ముందు కౌలులో ప్రతి కిస్తీ సరిగ్గా ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. కాబట్టి పంట కౌలు నేటి విలువను 1.24తో గుణిస్తే ముందు కౌలు విలువ వచ్చేస్తుంది. ఎన్నేళ్ల ఒప్పందమైనా ఇదే సూత్రం. బేరంలో దీన్ని ఇలా వాడండి: ముందుగా 30,000 ఇవ్వడమూ, ఏడాది చివర 37,200 ఇవ్వడమూ మనకు సమానం. "ముందిస్తే 30,000, తర్వాతైతే 35,000" అని ఆసామి అంటే, 5,000 ఎక్కువైనా తర్వాత కట్టడమే మేలు.

అయితే ఈ జవాబు వడ్డీని బట్టి మారుతుంది. అదే డబ్బు 7 శాతానికి దొరికితే 30,000 ఏడాదికి 32,100 మాత్రమే అవుతుంది. అప్పుడు ముందు కట్టడమే లాభం. తక్కువ వడ్డీకి పంట రుణం దొరికేవాడికీ, బయట అప్పు తెచ్చేవాడికీ ఒకే కౌలు ఒకే ధర కాదు. కౌలు రైతుకు పంట రుణం ఇవ్వాలని మనం అడగడానికి ఇదొక కారణం.

గడువును కూడా సరిగ్గా చూడాలి. జూన్‌లో ముందు కట్టి, లేదంటే ఫిబ్రవరిలో పంట అమ్మి కట్టే చోట తేడా పన్నెండు నెలలు కాదు, ఎనిమిది నెలలే. నూటికి రెండు చొప్పున 30,000కు 4,800 వడ్డీ. అక్కడ సరిసమానం 34,800. కాబట్టి పైన చెప్పిన 35,000 అక్కడ దాదాపు సరితూగుతుంది.

ఈ లెక్కలో పట్టనిది ఒకటుంది. పంట పోతే ముందు కౌలు తిరిగి రాదు. పంట కౌలైతే కొంత తగ్గించమని అడిగే వీలైనా మిగులుతుంది. అందుకే రెండు లెక్కలూ సమానంగా వచ్చినప్పుడు నేను పంట కౌలు వైపే మొగ్గుతాను.

ఇంకొకటి గమనించండి. "కౌలు పెంచడం లేదు, వచ్చే ఏడాది నుంచి ముందుగా ఇవ్వు చాలు" అని కొందరు ఆసాములు అంటారు. ఫిబ్రవరిలో పాత ఏడాది కౌలు, జూన్‌లో కొత్త ఏడాది కౌలు, నాలుగు నెలల్లో రెండు కిస్తీలు. ఎనిమిది నెలలు ముందుకు జరిపితే మన వడ్డీ మీద అది 16 శాతం పెంపే. పెంచలేదన్న మాట నిజం కాదు.

ఆసామికి ఈ లెక్క తిరగబడుతుంది. డబ్బు తీసుకునేవాడికి ముందు రావడమే మంచిది. కానీ ఆయన డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చేది మన 24 శాతంలో చాలా తక్కువ. ముందుగా తీసుకుని ఆయన పొందే లాభం కన్నా మనం పోగొట్టుకునేది ఎక్కువ. పంట తర్వాత రెండు మూడు వేలు కలిపి ఇస్తామంటే ఇద్దరికీ మిగిలే బేరం అక్కడే ఉంది.

కాబట్టి ఒప్పంద కాగితంలో ఎకరాకు ఎంత అన్న అంకె పక్కనే ఏ నెల, ఏ తేదీ అన్నది రాయించండి. రాయించే ముందు మీ అప్పు వడ్డీతో ఒక్కసారి గుణించి చూసుకోండి.