తలుపు తెరిస్తే ఏం కనబడుతుంది?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. బ్యూటీ పార్లర్ గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోనే నవ్వారు. కానీ బ్యూటీషియన్ కోర్సు చేసిన మన ఆడపిల్లలు సాయం కోరుతూ పెట్టే అర్జీలు చూశాను. వాటిలో కుర్చీ, అద్దం, డ్రయ్యర్ ఉంటాయి. పర్దా పాటించే ఆడవాళ్లు బురఖా తీసి ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఉండదు.

నా పాత విద్యార్థిని ఒకామె తన అన్నతో కలిసి సెలూన్ నడుపుతోంది. షాపు 10 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. ముందువైపు అన్న మగవాళ్లకు కటింగ్ చేస్తాడు. వెనక తెర కట్టుకుని ఈమె ఆడవాళ్ల పని చేసేది. ఒకరోజు నేను జుట్టుకు రంగు వేయించుకుంటుంటే ఫ్యాను గాలికి తెర కాస్త తొలగింది. నా ఎదుటి అద్దంలో గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి ముఖం కనబడింది. అద్దంలో ఆయన కళ్లు నాకు కనబడ్డాయంటే నా ముఖం ఆయనకూ కనబడినట్టే. "తెర వేశాను కదా టీచర్!" అంది పాపం. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఏమీ చెప్పకుండా రావడం మానేశారట.

గది కట్టడానికి డబ్బు లేదు కనుక ముందు వేళలు పెట్టింది. మంగళవారం ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆడవాళ్లకే. మన వైపు చాలామంది హిందూ సోదరులు మంగళవారం క్షవరం చేయించుకోరు. అందుకని అన్నకు ఆ రోజు నష్టం తక్కువ. పిల్లల్ని బడికి పంపిన తల్లులకూ అది వీలైన సమయం.

మొదట్లో రెండు చిక్కులు వచ్చాయి. నీళ్ల క్యాన్ కుర్రాడు అలవాటుగా తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. అప్పటి నుంచి లోపల గడియ, బయట బెల్లు. సామాను ఏదైనా 11కి ముందే రావాలి. రెండోది, ఒకామె 3 గంటలకు రంగు వేయించుకోవడానికి కూర్చుంది. రంగు పూయడానికి, అది పట్టడానికి, కడిగి ఆరబెట్టడానికి కలిపి రెండు గంటలు పడుతుంది. 4 దాటగానే మగవాళ్లు బయట నిలబడ్డారు. తడి జుట్టు మీదే బురఖా వేసుకుని ఆమె వెళ్లిపోయింది. ఇప్పుడు రంగుకు 1.30 తర్వాత ఎవరినీ తీసుకోదు. థ్రెడింగ్‌కైతే 3.30 వరకు రావచ్చు. మూసే వేళ ఒకటే అయినా, చివరి కస్టమర్ వేళ పనిని బట్టి మారాలి.

అయితే ఉద్యోగం చేసేవాళ్లు, పెళ్లికూతుళ్లు మంగళవారం కోసం ఆగలేరు. అందుకని కొంత కూడబెట్టి వెనక 8 అడుగులు ప్లైవుడ్‌తో గది చేయించింది. ఫేషియల్ మంచం 6 అడుగులకు పైనే ఉంటుంది. దాని చుట్టూ తిరిగి పని చేయడానికి ఆ మాత్రం చోటు కావాలి. తలుపు తీసినా మంచం కనబడకుండా లోపల మరో తెర కట్టించాం. అద్దాన్ని తలుపుకు ఎదురుగా కాక, తలుపు ఉన్న గోడకే బిగించాం. గది కిటికీకి నల్ల ఫిల్మ్ అంటించి, ఇక ఫరవాలేదు అనుకుంది. రాత్రి లైటు వేసి నన్ను బయట నిలబెడితే లోపలిదంతా కనబడింది. వెలుతురు బయట ఎక్కువున్నంత సేపే ఆ ఫిల్మ్ కాపాడుతుంది. చీకటి పడితే వ్యవహారం తిరగబడుతుంది. దాని మీద మందపాటి పరదా వేయించాం. గదిలో కెమెరా లేదు. పని చేసే పిల్లలు కూడా ఫోన్లు బయటే పెట్టి రావాలి.

గదికీ ఒక హద్దు ఉంది. జుట్టు స్ట్రెయిటెనింగ్ మందుల పొగ మూసిన గదిలో కళ్లు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా చిన్న గదిలో అది చాలలేదు. ఆ పని మంగళవారం ముందు హాల్లోనే చేస్తుంది. అందుకే గది వచ్చినా మంగళవారం వేళలు తీసేయలేదు.

ఆ గదికి వచ్చేవాళ్లు మనవాళ్లే కాదు. క్యాన్సర్ మందులతో జుట్టు రాలిన ఒక హిందూ సోదరి అక్కడే మిగిలిన జుట్టు తీయించుకుంది. "నలుగురిలో చేయించుకోలేకపోయేదాన్నమ్మా" అని నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది.

దాతలకు నా మనవి ఒక్కటే. ఇకపై ఇలాంటి అర్జీ వస్తే కుర్చీ, డ్రయ్యర్‌తో పాటు ప్లైవుడ్ గోడ, గడియ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా లెక్కలో చేర్చండి. డబ్బు ఇచ్చే ముందు కమిటీ నుంచి ఒక సోదరిని ఆ షాపుకు పంపండి. పగలు ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి ఆమె ఆ కుర్చీలో కూర్చుని, తలుపు తీయించి, అద్దంలో ఎవరు కనబడుతున్నారో చూసి రావాలి.

అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. సెలవు.