శీర్షిక ముందే చెప్పేస్తే



కవిత పేరు మీద మన చూపు క్షణం కూడా ఆగదు. చదవడం మొదటి పాదంతోనే మొదలైందనుకుంటాం. కానీ ఆ పాదం దగ్గరికి మనం చేరేసరికే పేరు మనకు ఏదో ఒకటి చెప్పేసి ఉంటుంది. అది ఎంత మార్పు తెస్తుందో ఎమిలీ డికిన్సన్ కవిత ఒకటి తీసుకుని చూద్దాం.

1866 ఫిబ్రవరి 14న అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ అనే పత్రిక ఆ కవితను అచ్చువేసింది. రాసిందెవరో చెప్పలేదు. పైన మాత్రం ‘పాము’ అని శీర్షిక పెట్టింది. డికిన్సన్ రాసిన దాదాపు 1,800 కవితల్లో ఆమె పేరు పెట్టినవి చాలా కొద్ది. ఈ కవిత మొత్తంలో పాము అన్న మాట ఒక్కసారి కూడా రాదు.

శీర్షికను చేత్తో మూసి మొదటి పాదం చదవండి. గడ్డిలో ఒక సన్నపాటి మనిషి సంగతి ఎవరో మనకు చెబుతున్నారు. పక్క ఊరి పరిచయస్తుడి గురించి మాట్లాడుతున్నంత మామూలు గొంతు. మీకూ అతను ఎదురయ్యే ఉంటాడంటారు. తర్వాత గడ్డి పాయలుగా చీలుతుంది, మచ్చలున్నదేదో కనబడి మాయమవుతుంది. మనకు అనుమానం మొదలవుతుంది. చిన్నప్పుడు ఎండలో పడి ఉన్న కొరడా తాడనుకుని వంగి తీయబోతే అది కదిలి వెళ్లిపోయిందనేసరికి అనుమానం తీరుతుంది. భయం మాత్రం చివరి పాదాలదాకా రాదు. అంతవరకూ ఆ గొంతులో స్నేహమే ఉంది. అందుకే చివర్లో వచ్చే వణుకు మన ఒంట్లోకి కూడా దిగుతుంది.

ఇప్పుడు చెయ్యి తీయండి. పైన ‘పాము’ అని ఉంది. మొదటి పాదంలోని మనిషి ఇక మనిషి కాడు, పాముకు పెట్టిన ముద్దుపేరు. పొడుపుకథ వేయకముందే విప్పు చెప్పేసినట్టయింది. పాదంలో ఒక్క అక్షరం మారలేదు. కానీ పరిచయంగా వినిపించాల్సిన మాట అలంకారంగా వినిపిస్తోంది. భయం కూడా మొదటే వచ్చి కూర్చుంది.

శీర్షికలన్నీ ఇలా చెడగొడతాయని నేననను. ఎజ్రా పౌండ్ 1913లో అచ్చయిన తన రెండు పాదాల కవితకు మెట్రో స్టేషన్‌ను సూచించే పేరు పెట్టాడు. గుంపులో ఈ ముఖాలు అంటూ మొదలయ్యే ఆ పాదానికి చోటు చెప్పేది ఆ పేరే. దాన్ని తీసేస్తే ‘ఈ’ ముఖాలు ఎక్కడివో మనకు తెలియదు. ముప్ఫై పాదాల చిత్తును చించేసి, ఏడాది తర్వాత అంత చిన్నది చేశానని అతనే రాశాడు. అంత కుదించినవాడికి పేరు కూడా కవితలో భాగమే.

డికిన్సన్ విషయంలో ఒక న్యాయం పాటించాలి. కవిత అచ్చయ్యాక ఆమె తన స్నేహితుడు హిగ్గిన్సన్‌కు ఉత్తరం రాసింది. కవితను తన దగ్గర్నుంచి దోచుకున్నారని, మూడో పాదాన్ని విరామచిహ్నంతో పాడుచేశారని బాధపడింది. శీర్షిక ఊసెత్తలేదు. పైగా ఆ ఉత్తరంలో తనే దాన్ని తన పాము అంది. స్నేహితుడితో మాట్లాడేటప్పుడు ఆ పేరు ఆమెకు అడ్డం కాలేదు. కవిత పైన మాత్రం ఆమె దాన్ని రాయలేదు.